90 రోజుల లిస్టుకి చిక్కని ఎక్స్‌పైరీ స్టాక్

ప్రశ్న: మందుల షాపు చూసుకుంటున్నాను. 90 రోజుల్లో ఎక్స్‌పైరీ అయ్యేవి ఎర్రగా కనబడేలా ఎక్సెల్ షీటు పెట్టుకున్నా. అయినా ప్రతిసారీ కొన్ని స్ట్రిప్పులు మిగిలిపోయి పక్కన పడేయాల్సి వస్తోంది. ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు అమ్ముడయ్యేలా లిస్టు ఎలా తయారుచేసుకోవాలి?

జవాబు: మొదట వరుసలు సరిచేయండి. ఒక్కో మందుకి ఒక్కో వరుస పెట్టి మొత్తం స్టాక్ రాస్తే ఈ పని జరగదు, ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో వరుస కావాలి. ఒకే మందు మూడు బ్యాచుల్లో ఉంటే మూడు వరుసలు. నిన్న వచ్చిన బ్యాచ్ ఎక్స్‌పైరీ, పోయిన నెల వచ్చినదాని కంటే ముందే ఉండొచ్చు. అందుకే ఏది ముందు వచ్చిందో చూసి అమ్మడం ఇక్కడ పనికిరాదు, తేదీనే చూడాలి.

షీటుకి `Stock` అని పేరు పెట్టండి. A లో మందు పేరు, B లో బ్యాచ్ నంబరు, C లో చేతిలో ఉన్న స్ట్రిప్పులు, D లో ఎక్స్‌పైరీ నెల, E లో సంవత్సరం. నెలా సంవత్సరం విడివిడిగా ఎందుకంటే, 08/11 లాంటిది ఒకే గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని ఈ ఏడాదిలోనే ఒక రోజుగా మార్చేస్తుంది, అది ఏ రోజు అనేది మీ కంప్యూటర్ సెట్టింగుల మీద ఆధారపడుతుంది. సంవత్సరం నాలుగు అంకెలూ కొట్టండి. B కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి, లేకపోతే 0045 అనే బ్యాచ్ 45 అయిపోతుంది, 12E5 అనేది పన్నెండు లక్షల అంకెగా మారిపోతుంది. మందు పేరు మాత్రం డ్రాప్‌డౌన్ నుంచే ఎంచుకునేలా పెట్టండి, స్పెల్లింగ్ తేడా వస్తే కింద చెప్పే లెక్క రెండు ముక్కలవుతుంది.

F లో అసలు తేదీ:

```
=IF(E2="","",EOMONTH(DATE(E2,D2,1),0))
```

స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ 09/2026 అని ఉంటే సాధారణంగా ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చు, కాబట్టి F కాలమ్‌ని తేదీ ఫార్మాట్‌లో పెట్టుకుంటే ఈ ఫార్ములా 30-09-2026 ఇస్తుంది. 'యూజ్ బై' లేదా 'యూజ్ బిఫోర్' అని నెల మాత్రమే ఉంటే సాధారణంగా ముందు నెలాఖరుతోనే గడువు ముగిసినట్టు, అలాంటి ప్యాక్‌కి D లో ఒక నెల తగ్గించి వేయండి (జనవరి అయితే సంవత్సరం కూడా తగ్గుతుంది). చదరపు బార్‌కోడ్ స్కాన్ చేసి తేదీ తెచ్చుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి: అందులో 17 తర్వాత వచ్చే ఆరంకెలు సంవత్సరం, నెల, రోజు. 260900 అని వస్తే చివరి 00 కి అర్థం నెలాఖరు. దాన్ని అలాగే DATE లో వేస్తే ఆగస్టు 31 వస్తుంది, అంటే బాగున్న స్టాక్‌ని నెల ముందే తీసి పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు అసలు విషయం. 90 రోజుల లిస్టు తేదీ ఒక్కటే చూస్తుంది. ఆ స్టాక్ ఎన్ని రోజుల్లో అమ్ముడుపోతుందో, కొన్న మనిషి దాన్ని ఎన్ని రోజులు వాడతాడో దానికి తెలియదు. నెలకి సరిపడా తీసుకెళ్లే మందు గడువు ఇంకో పది రోజులే ఉంటే, షీటులో అది బతికే ఉన్నట్టు లెక్క, కౌంటర్ మీద మాత్రం అది ఇవ్వకూడనిది.

అందుకే ఇంకో రెండు కాలమ్‌లు కావాలి. G లో ఆ మందు రోజుకి సగటున ఎన్ని స్ట్రిప్పులు పోతోంది (గత 90 రోజుల అమ్మకాన్ని 90తో భాగించండి), H లో కొన్నవాళ్లు దాన్ని ఎన్ని రోజులు వాడతారు. I లో ఇది:

```
=SUMIFS(C$2:C$2000,A$2:A$2000,A2,
 F$2:F$2000,">="&TODAY(),F$2:F$2000,"<="&F2)
 -G2*MAX(0,F2-TODAY()-H2)
```

ఈ బ్యాచ్‌తో పాటు దీనికంటే ముందు ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచులన్నీ కలిపి, వాటిలోంచి ఇక మీదట అమ్ముడయ్యేది తీసేస్తే ఎంత మిగులుతుందో ఇది చెబుతుంది. సున్నా లేదా మైనస్ వస్తే టెన్షన్ లేదు, సున్నాకి మించి ఎంత వస్తే అన్ని స్ట్రిప్పులు మిగిలిపోతాయి.

ఒక లెక్క చూద్దాం. ఈ రోజు 2026 ఆగస్టు 1 అనుకోండి. ఒక మందు రోజుకి ఒక స్ట్రిప్ పోతోంది, వాడేవాళ్లు 30 రోజులకి సరిపడా కొంటారు. మొదటి బ్యాచ్ 40 స్ట్రిప్పులు, ఎక్స్‌పైరీ 09/2026. రెండోది 100, ఎక్స్‌పైరీ 12/2026. మొదటిదానికి 60 రోజుల గడువుంది, 40 స్ట్రిప్పులే కదా, హాయిగా అయిపోతుందనిపిస్తుంది. కానీ వాడకానికి 30 రోజులు తీసేస్తే అమ్మడానికి మిగిలేది 30 రోజులే, అంటే 10 స్ట్రిప్పులు మిగులు. రెండో బ్యాచ్ దగ్గర మొత్తం 140, అమ్మకానికి 152 లోంచి 30 తీసేస్తే 122 రోజులు, మిగులు 18. పై బ్యాచ్ అంకె కంటే, అది మైనస్ అయితే సున్నా కంటే, ఎంత పెరిగిందో అదే ఈ బ్యాచ్ వాటా, ఇక్కడ 8. మీ 90 రోజుల లిస్టులో ఈ రెండో బ్యాచ్ అక్టోబర్ 2 దాకా కనబడదు. I కాలమ్ మాత్రం ఆగస్టు 1నే చెబుతోంది, కాబట్టి కొత్త ఆర్డర్ ఆపడానికీ, డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకుంటాడేమో అడగడానికీ రెండు నెలల టైము అదనంగా దొరుకుతుంది.

సీజన్ మందులకి ఈ సగటు మోసం చేస్తుంది. దగ్గు సిరప్‌కి చలికాలం అమ్మకం చూసి G నింపితే ఎండాకాలంలో మిగులు తక్కువ కనబడుతుంది, అలాంటివాటికి పోయిన ఏడాది అదే నెలల అమ్మకం వేయండి. ఒక్కరే క్రమంగా కొనే మందుకి సగటు అసలు నమ్మొద్దు, వాళ్లు డోసు మార్చుకున్న రోజే లెక్క మొత్తం మారిపోతుంది.

రోజూ కౌంటర్ దగ్గర చూసే లిస్టుని వేరే షీటులో పెట్టండి, అక్కడ కూడా ఎక్స్‌పైరీ కాలమ్‌ని తేదీ ఫార్మాట్‌లోకి మార్చుకోండి:

```
=SORT(FILTER(Stock!A2:I2000,(Stock!C2:C2000>0)
 *(Stock!F2:F2000>=TODAY())
 *(Stock!F2:F2000<=TODAY()+90)),6,1)
```

FILTER ఎక్సెల్ 2021, 365లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. పాత ఎక్సెల్ అయితే F కాలమ్ మీద ఫిల్టర్ పెట్టి చేత్తో సార్ట్ చేసుకోవాలి. లిస్టులో చూపించాల్సినవేవీ లేకపోతే ఎక్సెల్ `#CALC!` అని, షీట్స్ `#N/A` అని చూపిస్తుంది. చూడ్డానికి బాలేదని దాన్ని IFERROR తో కప్పేయకండి, అలా చేస్తే ఫార్ములా చెడిపోయిన రోజు కూడా లిస్టు ఖాళీగా, అంతా బాగున్నట్టే కనబడుతుంది. ఎక్స్‌పైరీ వేయడం మరిచిపోయిన వరుస కూడా ఈ లిస్టులోకి ఎప్పటికీ రాదు. ఒక మూల `=COUNTIFS(Stock!C2:C2000,">0",Stock!E2:E2000,"")` పెట్టుకోండి, అది సున్నా కాకపోతే లిస్టు నమ్మకండి.

గడువు దాటినవి కూడా ఈ లిస్టులోంచి మాయమవుతాయి, కానీ షెల్ఫులో ఉండే ఉంటాయి. అదే ఫార్ములాలో మూడో షరతు తీసేసి, రెండోదాంట్లో `>=` బదులు `<` పెడితే వాటి లిస్టు విడిగా వస్తుంది. ఆ వరుసలు డిలీట్ చేయకండి, స్టాక్ షెల్ఫు నుంచి బయటికి వెళ్లాకే C ని సున్నా చేయండి.

చివరగా షెల్ఫు సంగతి. బిల్లులో సాఫ్ట్‌వేర్ ముందు ఎక్స్‌పైరీ బ్యాచ్‌ని ఎంచుతుంది, చెయ్యి మాత్రం ముందు వరుసలో ఉన్న స్ట్రిప్పునే తీస్తుంది. అలా జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే వారానికోసారి లిస్టులో పైనున్న కొన్ని బ్యాచులు చేత్తో లెక్కపెట్టండి. ఒక బ్యాచ్‌లో షీటు కంటే ఎక్కువ, అదే మందు ఇంకో బ్యాచ్‌లో సరిగ్గా అంతే తక్కువ వస్తే, బిల్లు ఒకదానికి వేసి స్ట్రిప్ ఇంకోదాంట్లోంచి ఇచ్చినట్టే. కొత్త స్టాక్ వచ్చినప్పుడు తేదీ చూసి వెనక పెట్టాలో ముందు పెట్టాలో నిర్ణయించండి. స్ట్రిప్ కత్తిరించి ఇస్తుంటే బ్యాచ్, ఎక్స్‌పైరీ ముద్రించిన కొసని చివరిదాకా మీ దగ్గరే ఉంచి అవతలి వైపు నుంచి కత్తిరించండి, లేకపోతే మిగిలిన ముక్క ఏ వరుసదో ఏ షీటూ చెప్పలేదు.