శుభలేఖ మీద దీవెన ఎవరి నోట?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పాటు నువ్వు రాసిన వాక్యం చేరాయి. స్నేహితురాలి పెళ్లి శుభలేఖకు ఒక దీవెన వాక్యం రాసిపెట్టమని వాళ్లింట్లో అడగడం, రెండు కుటుంబాలూ కలిసి ఒకే కార్డు వేయించుకోవాలనుకోవడం, పెద్దలకు నచ్చుతుందో లేదోనని నీకు టెన్షన్ పట్టుకోవడం, అన్నీ అర్థమయ్యాయి. నీ వాక్యం ఇదీ:

“రెండు హృదయాలు ఒక్కటై, ప్రేమసాగరంలో పయనమయ్యే ఈ శుభవేళ, నవదంపతులు దీర్ఘ సుమంగళిగా వర్ధిల్లాలని ఆకాంక్షిస్తూ...”

ఇది చదవగానే నాకు వచ్చిన సందేహం, ఈ మాటలు ఎవరు అంటున్నారని. శుభలేఖలో ప్రతి మాటా ఎవరో ఒకరి నోటి మాటే. పేర్ల ముందు ‘చి.’, ‘చి.ల.సౌ.’ అని వేస్తున్నామంటే పిల్లల కంటే పెద్దవాళ్లు మాట్లాడుతున్నారన్నమాట. తన పేరుకు తానే చిరంజీవి అని ఎవరూ రాసుకోరు కదా. నీ వాక్యంలో ఆ పెద్దలు కనిపించడం లేదు. ‘ప్రేమసాగరం’ స్నేహితులు పంపే గ్రీటింగ్ కార్డులో బాగుంటుంది. పెళ్లికూతురి నాయనమ్మ తన మనవరాలి తల మీద చెయ్యి వేసి ఆ మాట అనదు. ఆవిడ అనని మాటను ఆవిడ పేరున అచ్చు వేయకూడదు.

‘దీర్ఘ సుమంగళి’ దీవెన వధువు ఒక్కదానికే చెందుతుంది, ఇద్దరికీ కలిపి పెట్టలేం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. పెళ్లికూతురి తాతగారు కాలం చేశారనీ, నాయనమ్మగారు ఉన్నారనీ నువ్వే రాశావు. కార్డు అచ్చై రాగానే మొదట ఆవిడ చేతిలోనే పెడతారు. తన పేరు కూడా ఉన్న దీవెనలో ఆ మాట చదువుకోవడం ఆవిడకు కష్టంగా ఉంటుంది. పెళ్లి మంటపంలో ఆ దీవెన ఎలాగూ వధువుకు దక్కుతుంది. కార్డు మీద మాత్రం ఇంట్లో ఉన్న పెద్దలంతా ఏ ఇబ్బందీ లేకుండా అనగలిగిన మాటే ఉండాలి. ‘నవదంపతులు’ అన్నది కూడా తొందరపాటే. కార్డు పంచే నాటికి వాళ్లింకా వధూవరులే. ‘చిరంజీవులు’ అంటే ఏ పేచీ ఉండదు.

ఇంకో సంగతి గమనించు. పైన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ ఉంటుంది, దాని కింద చాలామంది ‘జానక్యాః కమలామలాంజలిపుటే’ శ్లోకం వేయిస్తారు. సీతమ్మ దోసిట్లో కెంపుల్లా, రాముడి తల మీద మల్లెల్లా, ఆయన నల్లని మేని మీద జారుతూ ఇంద్రనీలాల్లా కనిపించిన తలంబ్రాల ముత్యాలు ‘మీకు శుభం కలిగించుగాక’ అని దాని చివరి పాదం చెబుతుంది. ఆ ‘మీకు’ అన్నది కార్డు చదువుతున్న వాళ్లకు. అంటే అతిథులకు అందాల్సిన దీవెన శ్లోకంలోనే అందిపోయింది. కింద ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అన్న వాక్యంలో అతిథులను వచ్చి ఆశీర్వదించమని అడుగుతున్నాం. ఇక మిగిలింది ఇంటి పెద్దలు పిల్లలకు ఇచ్చే దీవెన ఒక్కటే. నీ వాక్యం చేయాల్సిన పని అంతే. అందులో మళ్లీ శుభవేళ, వేదిక, బంధుమిత్రులు వద్దు. అవన్నీ వాటి చోట ఉన్నాయి.

వాళ్లింట్లో ఎవరో సూచించారని నువ్వు రాసిన రెండో వాక్యం, “ఉభయ కుటుంబాల పెద్దల దివ్యాశీస్సులతో”. చిన్నగా, హుందాగానే ఉంది. కానీ ‘దివ్యాశీస్సులు’ మనం దేవుడికీ, పీఠాధిపతులకూ, కీర్తిశేషులకూ వాడే మాట. వరుడి తాతగారు, నాయనమ్మగారు ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. వాళ్ల పేర్ల మీద ఆ మాట పడితే చూసినవాళ్లు ఉలిక్కిపడతారు. ఒక వైపు ‘కీ.శే.’ ఉన్నప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే జీవించి ఉన్నవాళ్లకూ, లేనివాళ్లకూ కలిపి సరిపోయే మాట కావాలి. ‘ఆశీస్సులు’, ‘దీవెన’ రెండూ సరిపోతాయి. నాకు ‘దీవెన’ ఇష్టం, ఇంట్లో పలికే మాట కాబట్టి.

‘మా అమ్మాయి’, ‘మా అబ్బాయి’ కూడా ఈ వాక్యంలోకి రానీయకు. విడివిడిగా కార్డులు వేయించుకున్నప్పుడు ‘మా’ అంటే ఎవరో తెలుస్తుంది. ఒకే కార్డులో ఒక వైపు వాళ్లు మాత్రమే మాట్లాడుతున్నట్టు అవుతుంది, రెండో వైపు పెద్దలు మనసులో పెట్టుకుంటారు.

ఇవన్నీ చూసుకుని నేను ఇలా కూర్చాను:

చిరంజీవులిద్దరూ ఒకరికొకరు తోడై
నిండు నూరేళ్లు చల్లగా వర్ధిల్లాలని
ఉభయ కుటుంబాల పెద్దల దీవెన

పదకొండు మాటలు. పైకి చదివి చూడు, పెద్దవాళ్లు ఊపిరి తీసుకోకుండా చదవగలరు. ముందు ‘ఆయురారోగ్య ఐశ్వర్యాలతో, పుత్రపౌత్రాభివృద్ధితో’ అని కూడా రాసుకున్నాను, తర్వాత తీసేశాను. ‘నిండు నూరేళ్లు’లో ఆయుష్షు ఉంది, ‘చల్లగా’లో మిగతావన్నీ ఉన్నాయి. సంతానం మాట పురోహితుడి నోట వస్తే బాగుంటుంది, ముందే అచ్చు వేసి ఊరంతా పంచాల్సిన అవసరం లేదు. ‘ఒకరికొకరు తోడై’ తీయలేదు. పెద్దలు తమ కాపురాల నుంచి చెప్పగలిగిన మాట అదొక్కటే అనిపించింది.

వరుడి తాతగారికి సంస్కృతం కావాలంటే కాదనకు. ‘శతమానం భవతి’ అన్న వేదాశీర్వచనం మూడు పాదాల పైన చిన్న అక్షరాల్లో వేయించు. అదీ నూరేళ్ల దీవెనే కాబట్టి కింద ఉన్న తెలుగుతో కలిసిపోతుంది.

పేర్లు వాక్యంలో కలపవద్దు. దీవెన కింద రెండు వరుసలు చేసి, ఒక వైపు ‘కీ.శే.’తో తాతగారి పేరు, పక్కనే ‘శ్రీమతి’తో నాయనమ్మగారి పేరు, రెండో వైపు వరుడి తాతగారు, నాయనమ్మగారి పేర్లు ఒకే సైజు అక్షరాల్లో పెట్టించు. అమ్మమ్మ, తాతయ్యల పేర్లు వేస్తే రెండు వైపులా వేయాలి, లేదా రెండు వైపులా మానేయాలి. ఇది రాసే ముందే రెండు ఇళ్లలోనూ ఫోన్ చేసి అడుగు. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది మాత్రం స్నేహితురాలిని కాకుండా ఇంటి పెద్దవాళ్లనే అడుగు.

ఇక ప్రెస్సు సంగతి. చాలా చోట్ల ఇంకా అను ఫాంట్లలోనే కంపోజ్ చేస్తారు. నువ్వు ఫోన్లో టైపు చేసి పంపింది అక్కడ సూటిగా దిగదు, మార్చాలి లేదా మళ్లీ కొట్టాలి. ఒత్తులు తప్పేది అక్కడే. కాబట్టి వాక్యాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ ఫోటో కూడా పంపు. ‘వర్ధిల్లాలని’లో ధకు కింద వత్తు గీత ఉందో లేదో చూడు, ‘వర్దిల్లాలని’ అని తరచూ పడుతుంది. పైన ‘వధూవరులు’ ఉంటే అందులో ధకు దీర్ఘం చూడు. పాదాలు నేను విరిచిన చోటే విరగాలి. చోటు చాలలేదని ‘పెద్దల’ ఒక వరుసలో, ‘దీవెన’ ఇంకో వరుసలో వేస్తే ఒప్పుకోకు, అక్షరం సైజు తగ్గించమను.

ప్రూఫ్ రాగానే నాయనమ్మగారికి ఇచ్చి పైకి చదవమను. ఆవిడ ఎక్కడైనా ఆగితే ఆ మాట ఏదో నాకు రాయి, మారుద్దాం. ఆర్డరు ఆ తర్వాతే ఇవ్వమని వాళ్లకు చెప్పు.