కూర్చుంటే 94, నడిస్తే 86... ఎందుకిలా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ముప్ఫై ఏళ్లకు పైగా బీడీలు కాల్చారు, రెండేళ్ల కిందట మానేశారు. సీటీ స్కాన్ చూసి ఎంఫిసీమా అన్నారు. కూర్చుంటే ఆక్సిమీటర్‌లో 94 ఉంటుంది, వీధి చివరి దాకా నడిస్తే 86కి పడిపోతోంది. గాలి బాగానే పీలుస్తున్నారు కదా, మరి ఆక్సిజన్ ఎందుకు తగ్గుతోంది? ఆక్సిజన్ మెషిన్ కొనాలా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లోకి చేరడం ఒక పని, అందులోని ఆక్సిజన్ రక్తంలోకి దాటడం ఇంకో పని. మీ నాన్నగారికి ముఖ్యంగా దెబ్బతిన్నది రెండోది.

మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులుంటాయి. ఒక్కో గది గోడ చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న పొర మందం చాలాచోట్ల అర మైక్రాన్ మించదు. ఆ పొర గుండా ఆక్సిజన్‌ను ప్రత్యేకంగా తోసేదేమీ లేదు, ఎక్కువ ఒత్తిడి ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు అదే వెళ్తుంది. గదిలోని గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి దాదాపు 100 మి.మీ. పాదరసం ఉంటుంది. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తంలో అది 40 దగ్గర ఉంటుంది. ఆ తేడాయే ఆక్సిజన్‌ను దాటిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఇదే దారిలో ఎదురు వస్తుంది.

ఎంత ఆక్సిజన్ దాటుతుందన్నది గోడల మొత్తం వైశాల్యం మీద ఆధారపడి ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 70 చదరపు మీటర్లు. పొగ వల్ల ఊపిరితిత్తుల్లో చేరే తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు ఏళ్ల తరబడి ఈ గోడల్లోని సాగే పీచును కరిగిస్తాయి. గోడలు కూలి పక్కపక్క గదులు కలిసిపోతాయి, ఎంఫిసీమా అంటే ఇదే. ఎనిమిది చిన్న గదులు కలిసి అంతే గాలి పట్టే ఒక పెద్ద గదిగా మారాయనుకోండి, లెక్క వేస్తే గోడల వైశాల్యం సరిగ్గా సగమవుతుంది. పీల్చే గాలి తగ్గలేదని మీకు అనిపించేది అందుకే. గోడతో పాటు దాని మీది రక్తనాళాలూ పోతాయి, అది ఇంకో నష్టం.

ఇక నడిచినప్పుడే ఎందుకు పడిపోతోందంటే, అది సమయం లెక్క. కూర్చున్నప్పుడు ఒక ఎర్ర రక్తకణం గాలి గది పక్కన ముప్పావు సెకను సేపు ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో ఆక్సిజన్ నింపుకోవడానికి పావు సెకను చాలు, కాబట్టి బోలెడు వెసులుబాటు. మీ నాన్నగారికి ఆ వెసులుబాటే కూర్చున్నప్పుడు కాపాడుతోంది. నడిస్తే గుండె వేగంగా కొడుతుంది, మిగిలిన కొద్ది రక్తనాళాల్లోంచే రక్తం పరుగెడుతుంది, సమయం తగ్గిపోతుంది. పైగా కండరాలు ఎక్కువ ఆక్సిజన్ వాడుకోవడంతో వచ్చే రక్తం మరింత ఖాళీగా వస్తుంది. 

దీనికి తోడు, సాగే పీచు పోయిన ఊపిరితిత్తులు గాలిని పూర్తిగా బయటికి తోయలేవు. త్వరత్వరగా ఊపిరి తీస్తుంటే పాత గాలి లోపలే ఇరుక్కుని కొత్త గాలికి చోటు తగ్గుతుంది. ముక్కుతో పీల్చి, పెదవులు ఈల వేస్తున్నట్టు పెట్టి రెట్టింపు సేపు వదలమనేది ఇందుకే. అలా వదిలితే చిన్న గాలి గొట్టాలు ముందే మూసుకుపోవు.

మెషిన్ విషయం. మీరు చెప్పిన అంకెలను బట్టి చూస్తే వెంటనే కొనక్కర్లేదనే అనుకుంటున్నాను. కదలకుండా ఉన్నప్పుడే 88 లేదా అంతకంటే తక్కువ ఉంటే, రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుందని తెలుసు. కూర్చుంటే బాగుండి నడిస్తే తగ్గేవారిలో ఇంటి ఆక్సిజన్ మరణాలనుగానీ ఆసుపత్రి చేరికలనుగానీ తగ్గించలేదని 2016లో అమెరికాలో 700 మందికి పైగా రోగుల మీద జరిగిన అధ్యయనంలో తేలింది. అయినా మీ డాక్టర్ నడక పరీక్ష చేసి, ఆక్సిజన్ పెడితే ఆయాసం తగ్గుతోందేమో చూసి నిర్ణయించవచ్చు. 86 అంకె నిజమేనా అన్నదీ అక్కడే తేలుతుంది. చెయ్యి కదిలినా, వేళ్లు చల్లబడినా ఆక్సిమీటర్ తప్పు చూపిస్తుంది. ఆగి, చెయ్యి కదపకుండా, నాడి అంకె నిలకడగా వచ్చాకే చదవండి.

డిఎల్‌సీఓ అనే పరీక్ష కూడా చేయించండి. చిన్న మోతాదులో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు, అందులో రక్తంలోకి ఎంత దాటిందో చూస్తారు. మామూలు ఊదుడు పరీక్షలో గాలి ఎంత వేగంగా బయటికి వస్తోందో తెలుస్తుంది, ఇందులో గోడలు ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. పోయిన గోడలు మందులతో తిరిగి రావు, బీడీ మానేయడంతో కొత్త నష్టం వేగం మాత్రం తగ్గుతుంది. ఇంట్లో కట్టెల పొయ్యి, దోమల చుట్టల పొగ ఉంటే అవీ ఆపండి.

ఎవరో చెప్పారని సొంతంగా ఆక్సిజన్ ఎక్కువగా పెట్టవద్దు. ఈ జబ్బు ముదిరినవారిలో కొందరికి దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఉదయం లేవగానే తలనొప్పి, పగటిపూట మగత, మాట తడబడటం కనిపించినా, కూర్చున్నప్పుడే అంకె 88కి దిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.