హల్లాకి గుడ్లు కాదు, పచ్చసొనలు పెంచండి

ప్రశ్న: అరకిలో మైదాకి 4 గుడ్లు, నూనె వేసి, యూదులు జడలా అల్లి చేసే బ్రెడ్ హల్లా చేస్తున్నాను. మర్నాటికే లోపల పొడిపొడిగా అయిపోతోంది, రంగూ తెల్లగానే ఉంటోంది. ఇంకో గుడ్డు వేయనా?

వద్దండీ. ఇంకో గుడ్డు వేస్తే దానితో పాటు ఇంకో తెల్లసొన కూడా వస్తుంది. మీ బ్రెడ్ పొడిబారడానికి తెల్లసొనే ఎక్కువ కారణం. అందులో దాదాపు 90 శాతం నీరే, మిగిలింది చాలావరకు ప్రోటీన్. ఓవెన్ వేడికి ఆ ప్రోటీన్ గట్టిపడుతుంది. బ్రెడ్ నిలబడడానికి అది కొంత కావాలి కానీ, ఎక్కువైతే నమిలేటప్పుడు ఎండుగా తగులుతుంది. పచ్చసొనలో సగం నీరు, మూడో వంతు దాకా కొవ్వు, దాంతో పాటు లెసిథిన్ ఉంటాయి. ఆ కొవ్వు గ్లూటెన్ మరీ బిగుసుకోకుండా చూస్తుంది. లెసిథిన్ నూనెని పిండిలో సమంగా కలుపుతుంది. అందుకే ముక్క మెత్తగా, పోగులు పోగులుగా విడివడుతుంది, మర్నాడు కూడా అంత త్వరగా ఎండదు.

వెన్న బాగా వేసే ఫ్రెంచ్ బ్రెడ్ బ్రియోష్‌కి గుడ్లు మొత్తం వేసినా బాగా వస్తుంది, ఎందుకంటే మెత్తదనం సంగతి వెన్న చూసుకుంటుంది. హల్లాని మాంసంతో కూడా తినాలి కాబట్టి యూదుల నియమం ప్రకారం అందులో పాలు, వెన్న వేయరు. అందుకే పచ్చసొన మీద ఎక్కువ ఆధారపడాలి.

నేను 4 గుడ్ల బదులు 1 గుడ్డు, 4 పచ్చసొనలు వేస్తాను. అంటే 3 తెల్లసొనలు పోయి 1 పచ్చసొన చేరింది. మన దగ్గర గుడ్డులో తెల్లసొన సుమారు 30 గ్రాములు, పచ్చసొన 15 గ్రాములు. ఈ మార్పుతో పిండిలో దాదాపు 70 గ్రాముల నీరు తగ్గుతుంది. ఆ తగ్గిన నీళ్లు పోయకుండా కలిపితే పిండి బిగుసుకుపోయి, జడ అల్లేటప్పుడు పాయలు తెగుతాయి. ముందు 60 గ్రాములు పోసి కలపండి, ఇంకా గట్టిగా ఉంటేనే మిగతాది. పచ్చసొనలు ఇంకా పెంచేస్తే మాత్రం పొంగడం నెమ్మదిస్తుంది, లోపల కేక్‌లా దిమ్మగా వస్తుంది. ఆ ఒక్క గుడ్డునీ నేను మానను.

ఇక రంగు. పచ్చసొన రంగు కోడి తిన్న మేతని బట్టి ఉంటుంది, మొక్కజొన్న ఎక్కువ తింటే ముదురుగా వస్తుంది. నేను హైదరాబాద్‌లో మామూలు ఫారం గుడ్లతో చేసినప్పుడు లేత మీగడ రంగే వచ్చింది, ముదురు సొన ఉన్న నాటుకోడి గుడ్లతో బంగారు పసుపు వచ్చింది. పైపొర రంగు వేరే విషయం. ఒక పచ్చసొనలో చెంచా నీళ్లు కలిపి, అల్లగానే ఒకసారి, ఓవెన్‌లో పెట్టే ముందు ఇంకోసారి పూయండి. ఇది త్వరగా ఎర్రబడుతుంది కాబట్టి 175 డిగ్రీలు దాటనివ్వకండి. పైన ఎర్రబడింది కదా అని తీసేస్తే పాయలు కలిసిన చోట పచ్చిగా ఉండిపోతుంది. పైన ఫాయిల్ కప్పి, మధ్యలో థర్మామీటర్ 88 డిగ్రీలు చూపించాకే తీయండి.