ఫారం నింపినా షీటులో పేరు లేదు!

ప్రశ్న: శిక్షణ తరగతులకు గూగుల్ ఫారంలో వచ్చే నమోదులు ఆటోమేషన్ టూల్ ద్వారా మరో షీటులోకి వెళ్లేలా పెట్టాను. కొన్ని వారాలు బాగానే నడిచింది. ఇప్పుడు కొందరి పేర్లు రెండుసార్లు పడుతున్నాయి, కొందరివి అసలు రావడం లేదు. టూల్ హిస్టరీలో ఒక్క ఎర్రర్ కూడా లేదు. తప్పు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: రాని పేర్ల సంగతి ముందు చూద్దాం. ఫారం జవాబులు పడే షీటులో ఈ మధ్య ఎవరైనా వరుసలు తొలగించారా? చాలా టూళ్లు కొత్త జవాబును వరుస సంఖ్యను బట్టే గుర్తుపడతాయి. 140వ వరుస దాకా చూసేశానని టూల్ గుర్తుంచుకుంది అనుకోండి. మీ సహచరులు ఎవరో పరీక్ష కోసం నింపిన అయిదు వరుసలు అనవసరమని తీసేశారు. చివరి వరుస 135 అయింది. తర్వాత వచ్చిన అయిదుగురూ 136 నుంచి 140 వరకు కూర్చున్నారు. టూల్ లెక్కలో అవి పాతవే కాబట్టి అది వాటి జోలికే పోదు. ఆరో మనిషి నుంచి మళ్లీ అంతా సవ్యంగా నడుస్తుంది. నడపని పనికి హిస్టరీలో ఎర్రర్ ఎలా ఉంటుంది? తప్పిపోయిన పేర్లు వరుసగా ఉండి, వాటి సంఖ్య తొలగించిన వరుసలకు సమానమైతే కారణం ఇదే. ఆ షీటును సార్ట్ చేసినా, మధ్యలో వరుస చేర్చినా ఇలాంటి చిక్కే వస్తుంది. జవాబుల షీటును ఎవరూ ముట్టుకోకుండా లాక్ చేయండి. దిద్దుబాట్లేవైనా రెండో షీటులోనే చేసుకోండి.

ఇక రెండుసార్లు పడిన పేర్లు. ఆ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి రెండు జవాబుల్లో తేడా ఉంటే, ఆ వ్యక్తి తన జవాబును తర్వాత సవరించి ఉండవచ్చు. ఫారంలో సవరణకు అనుమతి ఉంటే గూగుల్ పాత వరుసనే మారుస్తుంది. మీ టూల్ మార్పులను కూడా గమనించేలా అమర్చి ఉంటే, దాన్ని ఇంకో కొత్త వరుసగా రాసేస్తుంది. అక్షరం తేడా లేకుండా ఉంటే మాత్రం టూల్ రెండుసార్లు ప్రయత్నించిందని అనుమానించాలి. మొదటిసారి రాయడం పూర్తయినా, అయిందన్న కబురు ఆలస్యమైతే విఫలమైందనుకుని అది మళ్లీ రాస్తుంది.

రెండింటికీ మందు ఒకటే. ‘వరుస చేర్చు’ అన్న దశ తీసేసి, ‘ముందు వెతుకు, దొరికితే మార్చు, లేకపోతే చేర్చు’ అన్న దశ పెట్టండి. అయితే దేన్ని బట్టి వెతకాలి? పేరు పనికిరాదు. ఈమెయిల్ కూడా నమ్మదగ్గది కాదు, ఒకే చిరునామాతో ఇద్దరు నమోదు కావచ్చు. చాలామంది `Timestamp` ఎంచుకుంటారు, కానీ జవాబు సవరించగానే అదీ మారిపోతుంది. సవరించినా మారనిది ఒక్క `Response ID`. ఇది జవాబుల షీటులో కనిపించదు. కాబట్టి టూల్‌లో ట్రిగర్‌ను షీటుకు కాకుండా నేరుగా ఫారానికే కలపాలి. అలా చేస్తే వరుస సంఖ్యల బెడద కూడా పోతుంది. ఇద్దరి జవాబులు ఒకేసారి వచ్చినా తికమక పడకుండా, టూల్‌లో వీలుంటే పనులు ఒకదాని తర్వాత ఒకటి జరిగేలా అమర్చండి.

రెండో షీటులో A కాలమ్‌లో ఈ ఐడీని రాయించి, ఆ ట్యాబ్‌కు `Data` అని పేరు పెట్టండి. పాత వరుసలకు ఐడీలు ఉండవు కాబట్టి ఈ షీటును కొత్త ఫారంతో మొదలుపెట్టడం మేలు. తర్వాత అదే ఫైలులో వేరే ట్యాబ్‌లో ఈ ఫార్ములా వేయండి:

```
=COUNTA(IMPORTRANGE("SHEET_URL","'Form Responses 1'!A2:A"))-COUNTUNIQUE(Data!A2:A)
```

`SHEET_URL` ఉన్న చోట జవాబుల షీటు లింకు పెట్టాలి. ముందుగా ఒక ఖాళీ గడిలో `=IMPORTRANGE("SHEET_URL","'Form Responses 1'!A1")` ఒక్కటే వేసి, అది అడిగే అనుమతి ఇవ్వండి. లేకపోతే పై ఫార్ములా అనుమతి అడగకుండా, ఎర్రర్‌నే ఒక జవాబుగా లెక్కపెట్టేస్తుంది. సున్నా వస్తే లెక్క సరిపోయింది. అంతకంటే ఎక్కువ వస్తే అంతమంది దారిలో తప్పిపోయారు. టూల్ కొన్ని నిమిషాలకోసారి మాత్రమే చూసేదైతే, కాసేపు ఒకటో రెండో తేడా ఉండటం సహజం.

ఫారంలో ప్రశ్న మాటలు మార్చినప్పుడల్లా టూల్‌లో ఫీల్డులను మళ్లీ లోడ్ చేసి జతపరచడం మరవకండి. లేకపోతే ఆ కాలమ్ ఖాళీగా పడవచ్చు, అప్పుడూ హిస్టరీ పచ్చగానే ఉంటుంది.

నన్నడిగితే, రెండో షీటు కేవలం చూసుకోవడానికే అయితే అసలు టూల్ అక్కర్లేదు, `IMPORTRANGE` ఒక్కటే చాలు. కాకపోతే అలా తెచ్చుకున్న వరుసల పక్కన ‘ఫీజు కట్టారు’ లాంటి గమనికలు రాసుకోకండి. అసలు షీటులో వరుసలు కదిలితే పేర్లు జరుగుతాయి గానీ మీ గమనికలు ఉన్నచోటే ఉంటాయి. ఒకరు కట్టిన ఫీజు ఇంకొకరి పేరు పక్కన కనిపిస్తుంది.