మైకు వ్యానుకు నినాదం రాసే మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్లలో దోమల ప్రచారానికి నువ్వు రాసి పంపిన నినాదం చూశాను. "నిల్వ నీటిని తొలగించండి, దోమల వృద్ధిని అరికట్టండి." కాగితం మీద బాగుంది. కానీ చదువు రాని ముసలమ్మ ఒక మాట జారిపోతే వెనక్కి వెళ్లి చూసుకోలేదు. ఆమెకు చెవే పుస్తకం. "వృద్ధి", "అరికట్టండి" ఆమె ఇంట్లో పలికే మాటలు కావు.

ముందు సమయం చూసుకో. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోయే వ్యాను నిమిషంలో దాదాపు 167 మీటర్లు దాటేస్తుంది. అరుగు మీద కూర్చున్న మనిషికి మాట స్పష్టంగా వినిపించేది ఇరవై సెకన్లపాటే అనుకో. ఆ లోపల నినాదం కనీసం రెండుసార్లు పూర్తిగా చెవిన పడాలి. మొదట చెవిన పడేది నినాదం మధ్యలోంచి కావచ్చు కాబట్టి, ఒక్కసారి చెప్పడానికి ఆరు సెకన్లు మించకూడదు.

ఇంకొకటి, మన భాషలో "వద్దు" అనే మాట వాక్యం చివర వస్తుంది. "నీళ్లు నిల్వ ఉంచవద్దు" అంటూ వ్యాను మలుపు తిరిగిందంటే, వినేవాళ్లకు "నీళ్లు నిల్వ ఉంచ" వరకే మిగులుతుంది. అందుకే చేయకూడనిది కాదు, చేయవలసినది చెప్పు.

ఏం చేయాలన్నది కూడా సరిగ్గా తెలియాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, గోడ తోమాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తోమాలి. ఇప్పుడు ఇది విను:

వారం వారం శుక్రవారం
గోలెం తోమాలి, దోమ పోవాలి!

పద్దెనిమిది అక్షరాలే. పల్లెలో ఎవరైనా అనే మాటలే. "తోమాలి", "పోవాలి" అన్న దీర్ఘాలు హారన్ మైకులో సాగి దూరం పోతాయి. స, శ వంటి ఊదుడు అక్షరాలు అందులో పల్చబడి కలగాపులగమవుతాయి. "శుక్ర" అందుకే కాస్త బలహీనం, కానీ రోజు పేరు మార్చలేం కదా! ముందున్న "వారం వారం" దాన్ని ఆదుకుంటుంది. "తోమ"కూ "దోమ"కూ మైకులో తేడా తెలియకపోయినా అర్థం చెడదు. "తోము" అని పెద్దవాళ్లను ఏకవచనంలో అనవద్దు. "తోమాలి" అంటే ఎవరికీ నొప్పి ఉండదు.

గొంతు రికార్డు చేసేటప్పుడు ప్రతి పాదం తర్వాత ఒక్క ఊపిరి ఆగు, వెనక పాట పెట్టవద్దు. తర్వాత వీధి చివర బిందె నింపుకుంటున్న ఇద్దరు ముగ్గురికి వినిపించి, "ఇప్పుడేం చెప్పారమ్మా?" అని అడుగు. వాళ్లు "గోలెం" అని, "శుక్రవారం" అని తిరిగి చెబితే సరిపోయింది. "ఏదో దోమల మందు గురించి" అన్నారంటే నినాదం మళ్లీ రాయాలి.

వ్యాను శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరితే ఎవరూ తోమరు. గురువారం సాయంత్రం ఒకసారి, శుక్రవారం పొద్దున పొలాలకు వెళ్లకముందు ఇంకోసారి తిప్పమని డ్రైవరుకు చెప్పు.

మీ మామయ్య