మిగులు 7,40,000, బ్యాంకులో 38,400: కోశాధికారి మీద కేసు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, సంఘం రిజిస్టర్ అయ్యింది. నెలకు 2,000 చొప్పున మెయింటెనెన్స్ కడుతున్నాం. మొన్నటి సర్వసభ్య సమావేశంలో మా ట్రెజరర్ అరగంట ప్రసంగించి, 2026 మార్చి 31 నాటికి నిధిలో 7,40,000 మిగులు ఉందని, కానీ బ్యాంకులో ఉన్నది 38,400 మాత్రమేనని, మిగులు అంటే నగదు కాదని చెప్పారు. మా వారు రిటైరై వచ్చిన డబ్బుతో ఈ ఫ్లాటు కొన్నాం. లిఫ్టు ఆగిపోతే బాగు చేయించడానికి డబ్బు లేదంటుంటే కడుపు మండుతోంది. ఆయన ఈమధ్యే కొత్త కారు కూడా కొన్నారు. లెక్క తేలేదాకా మేం పది ఫ్లాట్ల వాళ్ళం మెయింటెనెన్స్ ఆపేసి, పోలీసు ఫిర్యాదు ఇద్దామనుకుంటున్నాం. ఆయన పంచిన కాగితాలు జత చేస్తున్నాను. సలహా ఇవ్వగలరు.
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: కారు సంగతి పక్కన పెట్టండి. ఆయన సొంత ఆదాయం ఎంతో మీకు తెలియదు కాబట్టి, అది ఏ కోర్టులోనూ సాక్ష్యం కాదు. మీరు పంపిన కాగితాల్లో ఈ వ్యవహారాన్ని తేల్చే అంకె ఒక్కటే ఉంది. అది సభ్యుల నుంచి రావలసిన బకాయి 4,32,000.

మీ ట్రెజరర్ చెప్పిన సూత్రం సరైనదే. మీ సంఘం లెక్కలు చేతికి వచ్చిన, చేతి నుంచి పోయిన డబ్బునే రాసే రాబడి, చెల్లింపుల పద్ధతిలో కాక ఆదాయ, వ్యయ పద్ధతిలో రాసినవి. ఈ పద్ధతిలో నెల మొదలుకాగానే 40 ఫ్లాట్ల మెయింటెనెన్స్ 80,000 ఆదాయంగా పుస్తకానికి ఎక్కుతుంది, అందులో ఎంతమంది కట్టారన్నదానితో సంబంధం ఉండదు. ఆయన పంచిన పట్టిక ప్రకారం 7,40,000 మిగులులో 4,32,000 సభ్యులు కట్టని బకాయి, 1,80,000 కిందటి సంవత్సరం కొన్న జనరేటరు, 54,600 లిఫ్టు వార్షిక నిర్వహణ ఒప్పందానికి మార్చిలోనే ముందుగా కట్టిన సొమ్ము, 35,000 కరెంటు కనెక్షనుకు కట్టిన డిపాజిట్, పోగా మిగిలిన 38,400 బ్యాంకు నిల్వ. కూడి చూశాను, పైసాతో సహా సరిపోయింది. అయితే కూడిక సరిపోయినంత మాత్రాన లెక్క నిజమైపోదు. జనరేటరు సెల్లారులో కనబడుతుంది, దాని రేకు మీద ఉన్న నంబరును బిల్లులోని నంబరుతో పోల్చవచ్చు. డిపాజిట్‌కు, లిఫ్టు ఒప్పందానికి రసీదులు ఉంటాయి. బకాయి ఒక్కటే కంటికి కనబడనిది. దొంగలెక్క రాసే ఉద్దేశం ఎవరికైనా ఉంటే దాన్ని దాచే చోటు కూడా అదే, ఎందుకంటే సభ్యుడు కట్టిన డబ్బు జేబులో వేసుకుని పుస్తకంలో ‘ఇంకా రావలసి ఉంది’ అని రాస్తే పట్టిక ఇప్పుడున్నట్టే చక్కగా సరిపోతుంది.

ఆయన ప్రసంగంలో లోపం మరొకటి ఉంది. బకాయి ఎంతో చెప్పారు గాని, అది ఎప్పటి బకాయో చెప్పలేదు. మీరైనా అడగలేదు. 40 ఫ్లాట్ల వాళ్ళు కూర్చున్న సభలో ‘ఏ ఫ్లాటు, ఏ నెల నుంచి’ అని ఒక్కరూ అడగకుండా ఏటేటా హాజరు పుస్తకంలో సంతకం చేసి, లెక్కలు ఆమోదించి, ఇప్పుడు పోలీసు స్టేషనుకు వెళ్తామనడం సబబు కాదు. అనుబంధంగా ఉన్న బకాయిల జాబితాను నేను విడదీసి చూశాను. అమెరికాలో ఉంటున్న 302 నంబరు ఫ్లాటు యజమాని 2021 ఏప్రిల్ నుంచి కట్టలేదు, అది 60 నెలలకు 1,20,000. బిల్డరు తన దగ్గరే ఉంచుకున్న మూడు ఫ్లాట్లకు 2022 అక్టోబరు నుంచి కట్టలేదు, అది 42 నెలలకు 2,52,000. మిగిలిన 60,000 ఈ ఏడాదిలోని చిల్లర బకాయిలు.

ప్రతి నెలా కట్టవలసిన మెయింటెనెన్స్ విడి బాకీ. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అది కట్టవలసిన తేదీ నుంచి మూడేళ్ళలోగా దావా వేయాలి. ఆ లెక్కన మార్చి 31 నాటికే 302 బకాయిలో మొదటి 24 నెలల 48,000కు, బిల్డరు బకాయిలో మొదటి ఆరు నెలల 36,000కు కాలదోషం పట్టింది. అంటే మీ మిగులులో 84,000 ఇప్పటికే కోర్టు ద్వారా రాబట్టలేని సొమ్ము. అంతకంటే బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఈ నాలుగు ఫ్లాట్ల మీద నెలనెలా 8,000 కొత్త బకాయి పుస్తకానికి ఎక్కుతుంటే, అదే నెలలో మూడేళ్ళ కిందటి 8,000 చేజారిపోతోంది. పుస్తకంలో మిగులు పెరుగుతున్నట్టు కనబడుతుంది, వసూలు చేయదగిన మొత్తం మాత్రం ఒక్క రూపాయి పెరగదు. లాయరు నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. మాటల్లో ఉన్నామన్నా ఆగదు.

ఇక మీరు అనుకుంటున్న రెండు పనులూ చేయవద్దు. పది ఫ్లాట్లు కట్టడం ఆపేస్తే నెలకు 20,000 నగదు తగ్గుతుంది, పుస్తకంలో మిగులు మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే మీరు కట్టనిది కూడా ‘రావలసిన బకాయి’గానే ఎక్కుతుంది. ఆయన ప్రసంగాన్ని మీరే నిజం చేసినట్టవుతుంది. పైగా రేపు లెక్కలు చూపించమని కోర్టుకు వెళ్తే, బకాయిదారులు అడుగుతున్నారని అవతలి లాయరు మొదటి మాటగా అంటారు. మీ నిబంధనావళిలో బకాయి ఉన్నవారికి ఓటు లేదన్న నియమం ఉంటే సభలో మీ మాటే చెల్లదు. పోలీసు ఫిర్యాదు విషయానికొస్తే, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద నమ్మకద్రోహం నిలవాలంటే ఆయనకు అప్పగించిన ఫలానా సొమ్మును ఆయన దురుద్దేశంతో సొంతానికి వాడుకున్నారని చూపాలి. బ్యాంకులో డబ్బు తక్కువగా ఉందన్నది అందుకు చాలదు, సివిల్ తగాదా అని పంపించేస్తారు. ఈలోగా వాట్సాప్ గ్రూపులో ‘తిన్నాడు’ అని ఎవరు రాసినా 356వ సెక్షను కింద పరువునష్టం కేసును కొనితెచ్చుకున్నట్టే. బకాయిదారుల నీళ్ళు ఆపేద్దామని సభలో ఎవరో అన్నట్టు కాగితాల్లో ఉంది, ఆ ఆలోచన కూడా మానండి. తాగునీరు ఆపితే బాకీ సంగతి వెనక్కి పోయి సంఘమే ప్రతివాదిగా నిలబడుతుంది.

చేయవలసిన పని ఒకే ఒక కాగితంతో మొదలవుతుంది. బకాయి ఉన్న ప్రతి ఫ్లాటు యజమానికీ కమిటీ చేత ఒక బాకీ ధ్రువీకరణ పత్రం ఇప్పించండి. ‘ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు నెలకు 2,000 చొప్పున ఇంత మొత్తం నేను సంఘానికి బాకీ ఉన్నాను’ అని నెలల వారీగా రాసి, కింద యజమాని సంతకం, తేదీ ఉండాలి. ఈ కాగితం రెండు పనులు చేస్తుంది. మొదటిది, ట్రెజరర్ నిజాయితీ తేలిపోతుంది. బాకీ లేనివారు సంతకం చేయరు, ‘నేను కట్టాను, ఇదిగో రసీదు’ అంటారు. ఆ రసీదు తేదీన బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ సొమ్ము ఉందా, రసీదు పుస్తకంలోని కౌంటర్‌ఫాయిల్‌లో అదే మొత్తం రాసి ఉందా చూడండి. రెండూ లేకపోతే అప్పుడు మీ చేతిలో ఉన్నది అనుమానం కాదు, నేరానికి సాక్ష్యం. ఫిర్యాదు నేనే రాసి ఇస్తాను. రెండోది, నిజంగా బాకీ ఉన్నవారు గడువు తీరకముందే సంతకం చేస్తే, కాలపరిమితి చట్టం 18వ సెక్షను ప్రకారం ఆ సంతకం నాటి నుంచి మళ్ళీ మూడేళ్ళు లభిస్తాయి.

ఇందులో జాగ్రత్తలు ఉన్నాయి. 302లో అద్దెకున్నవారి సంతకం పనికిరాదు, యజమానిదో, ఆయన అధికారపత్రం ఇచ్చినవారిదో కావాలి. వాట్సాప్‌లో ‘సరే, చూస్తాను’ అన్న మాట మీద ఆధారపడకండి. ఇప్పటికే కాలదోషం పట్టిన 84,000ను 18వ సెక్షను బతికించదు. దానికి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను కింద ‘చెల్లిస్తాను’ అని స్పష్టంగా వాగ్దానం చేస్తూ రాసి సంతకం చేయాలి, బాకీ ఒప్పుకుంటే చాలదు. మరొక వెసులుబాటు చాలా సంఘాలకు తెలియదు. 302 యజమాని ఏ నెలకో చెప్పకుండా కొంత సొమ్ము పంపితే, అదే చట్టం 60వ సెక్షను ప్రకారం సంఘం దాన్ని అన్నిటికంటే పాత నెలకు, కాలదోషం పట్టిన నెలకైనా సరే, జమ చేసుకోవచ్చు. ఆయన ‘ఈ నెలకు’ అని రాసి పంపితే మాత్రం ఆ నెలకే జమ చేయాలి. మీ ట్రెజరర్ రసీదుల్లో అలవాటుగా ‘ప్రస్తుత నెల’ అని రాస్తున్నట్టుంది, ఆ అలవాటు వెంటనే మాన్పించండి.

బిల్డరు సంతకం చేయడని నా అంచనా. అమ్ముడుపోని ఫ్లాట్లకు మెయింటెనెన్స్ వర్తించదని వాదిస్తాడు. కాబట్టి నిబంధనావళిలో యజమానులందరూ కట్టాలని ఉందా, 2,000 నిర్ణయించిన తీర్మానం మినిట్స్ పుస్తకంలో సంతకాలతో ఉందా, బిల్డరు సంఘానికి అప్పగించిన నాటి పత్రంలో ఏమి రాసుకున్నారు అన్నవి ముందు వెతకండి. ఆ తీర్మానం దొరక్కపోతే దావా మొదటి రోజే కుంటుతుంది. అవి ఉంటే, పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు పిలిపించండి. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. అయితే అక్కడ వాయిదాలు పడుతున్నంత సేపూ గడువు ఆగదు కనుక, ఒక వాయిదాతో తేలకపోతే వెంటనే సంఘం పేరు మీద సివిల్ దావా వేయాలి. సంతకం చేసే అధికారం ఎవరికిస్తున్నారో కమిటీ తీర్మానం చేయాలి. 302 మీద గడువులో ఉన్నది 72,000, బిల్డరు మీద 2,16,000. ఇది మార్చి 31 నాటి లెక్క, దావా వేసే తేదీకి మళ్ళీ వేసుకోవాలి.

కమిటీ ఈ పత్రాలు ఇవ్వకపోయినా, బ్యాంకు స్టేట్‌మెంటు, రసీదు పుస్తకాలు చూపకపోయినా మీరు సభ్యురాలిగా రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ చూపకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షను కింద సభ్యులెవరైనా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. ఆ దరఖాస్తుకు మీరు మెయింటెనెన్స్ కట్టిన రసీదులన్నీ, ఈ నెలది కూడా, జతపరచాలి.