నాన్నగారి క్యాసెట్‌లోని ‘నగుమోము’ ఎవరిది?

‘చిక్కడపల్లి ఇంట్లో నాన్నగారు రోజూ పెట్టే నగుమోము. మగ గొంతు. ఇప్పుడు ఎవరిది విన్నా ఒకచోట తేడాగా ఉంది, మాది ఇంకా దిగులుగా ఉండేది. ఎవరు పాడారు?’

ఆ దిగులే ఆనవాలండీ. ఈ కీర్తన రాగం ఆభేరి. అందులో ధైవతం, అంటే ‘ద’, అవరోహణలోనే వస్తుంది, అందుకని పైనుంచి ‘ని ద ప’ అని దిగేచోట చెవి పెట్టండి. ఇప్పుడు ఎక్కువమంది పాడేది చతుశ్రుతి ధైవతం. బాలమురళీకృష్ణగారు మాత్రం శుద్ధ ధైవతంతో పాడారు.

మీకు గుర్తున్నట్టే కూనిరాగం తీసి, పంచమాన్ని కీబోర్డు మీద పట్టుకోండి. ధైవతం పక్క మెట్టుకే (నలుపైనా తెలుపైనా) కలిస్తే శుద్ధం, ఇంకో మెట్టు దాటితే చతుశ్రుతి. శుద్ధమైతే ముందు బాలమురళిగారివే వెతకండి. అయితే ఆయన శిష్యులూ అలా పాడవచ్చు, కాబట్టి చివరి మాట గొంతుదే.

శ్రుతిని మాత్రం నమ్మకండి. పాత టేపు వేగం మారితే శ్రుతీ మారుతుంది. మా ఇంట్లో టేప్‌రికార్డర్ అయితే అర మెట్టు పైకే పాడేది! పంచమ ధైవతాల మధ్య దూరం మాత్రం ఎంత వేగంలోనైనా అంతే.